పురి తిప్పి అతికిన కత్తులు: ఆ గీతలు బలానికా, అందానికా?

థేమ్స్_గట్టు
పోయిన ఆదివారం బ్రిటిష్ మ్యూజియంలో సటన్ హూ గది చూశాను. 1939లో సఫోక్‌లో ఒక దిబ్బ తవ్వితే బయటపడిన ఓడ సమాధి అది, 7వ శతాబ్దం మొదట్లోది. బంగారం, ఎర్ర రాళ్లు పొదిగిన పిడి సొగసు చూస్తూ నిలబడిపోయాను. కత్తి మాత్రం ఒరతో సహా తుప్పు ముద్ద. అయితే ఎక్స్-రే తీస్తే లోపల మెలికల గీతలు కనిపించాయట, వాటిని చూసి ఒక నకలు కూడా చేశారు. నకలు ఫోటోలో కత్తి నడుం పొడవునా చేప ముల్లులా గీతలు మెరుస్తున్నాయి.
నాతో వచ్చిన స్నేహితుడు "తాడుకి పురి పెడితే బలం వచ్చినట్టే, ఇనుముకి పురి పెట్టారు, అందుకే ఆ కత్తులు విరగవు" అన్నాడు. వీడియోల్లో కూడా అందరూ ఇదే చెప్తున్నారు. వినడానికి బాగానే ఉంది కానీ నాకెందుకో మింగుడు పడలేదు. అంత కష్టపడి ఎందుకు చేసేవాళ్లు? ఆ గీతలు నిజంగా బలానికి గుర్తేనా?

వాదం_నాది
మీ స్నేహితుడు కరెక్టే. మెత్త ఇనుము వంగుతుంది కానీ విరగదు. ఉక్కు పదును నిలుపుతుంది కానీ పెళుసు. రెండూ కలిపి మెలేస్తే రెండింటి మంచి గుణాలూ వస్తాయి. సింపుల్.

నిర్మల్_బిడ్డ
దీనికి లండన్ దాకా పోవుడెందుకు? మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ముద్దలు కొనుక్కోవడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవాళ్లు. డమాస్కస్ కత్తి మీద అలలు అంటే మన ఉక్కు అలలే. వాళ్లు మనల్ని చూసి కాపీ కొట్టారు, అంతే.

చరిత్ర_పిచ్చి
@నిర్మల్_బిడ్డ కోనసముద్రం మాట నిజం, వర్తకుల మాట కూడా నిజం. కానీ ఇక్కడ అడిగింది వేరే వస్తువు. మన ఉక్కు మూసలో కరిగించినది. దాని అలలు లోహం చల్లబడేటప్పుడు, తర్వాత సుత్తి కింద సాగేటప్పుడు లోపల నుంచే పుడతాయి. సటన్ హూ కత్తిలో ఏదీ కరగలేదు. విడివిడి కడ్డీలను బాగా కాల్చి, అతికి, మెలేసి, మళ్లీ అతికారు. బజారులో రెండింటికీ "డమాస్కస్" అనే పేరు తగిలించడంతో వచ్చింది ఈ గోల.
కాపీ కూడా కాదు. డెన్మార్క్‌లో నైడమ్ అనే బురద మడుగులో వందకు పైగా కత్తులు దొరికాయి, ఎక్కువ భాగం ఇలా పురి అతుకు పనివే. అవి రోమన్ల కాలపు చివరి శతాబ్దాలవి. అక్కడి కొలిమి పని అక్కడే పెరిగింది.

నిర్మల్_బిడ్డ
సరే, వేరే అనుకుందాం. మరి ఏది బలం? మనదే కదా 😀

పక్క_బెంచి
వచ్చేసింది ఇండియా-ఇంగ్లండ్ మ్యాచ్.

కొలిమి_సూరి
మాది కమ్మరి ఇల్లు. తాత నాగలి కర్రులు, కొడవళ్లు చేసేవాడు. నేను ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు కొలిమి పెడతాను. ఈ పురి పని ఓ ఆరేళ్ల నుంచి చేస్తున్నా, అందుకే చేతికి తెలిసింది చెప్తా.
తాడు పోలిక తప్పు. తాడులో పోగులు విడివిడిగా ఉంటాయి. లాగినకొద్దీ ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటాయి, పురి పని అది. కడ్డీలు అతికాక జారడానికి పోగులేవీ ఉండవు, అంతా ఒకటే ముద్ద. అందులో పురి అంటే లోపల పొరలు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయన్నదే.
పని ఎలా జరుగుతుందో చూస్తే మిగతాది అర్థమవుతుంది. రెండు రకాల ఇనుము పట్టీలు ఒకటి విడిచి ఒకటి పేర్చి ఏడు పొరల కట్ట కడతాను. వెలిగారం చల్లి, మీద తేనె కారుతున్నట్టు మెరిసేదాకా కాల్చి, దాగలి మీద పెట్టి తేలిగ్గా కొడతాను. గట్టిగా కొడితే పొరలు పక్కకు జారిపోతాయి. అతుక్కున్నాక పావు అంగుళం మించకుండా చదరపు కడ్డీగా సాగదీస్తాను. తర్వాత మళ్లీ కాల్చి ఒక కొస పట్టుడులో బిగించి, రెండో కొస రెంచితో తిప్పుతాను. జడ పాయలా మెలిక పడుతుంది. ఇలాంటివి ఒకటి కుడికి, ఒకటి ఎడమకి తిప్పి పక్కపక్కన అతికితే, సాన పట్టాక చేప ముల్లు వస్తుంది.
ఇప్పుడు అసలు సంగతి. అంచు ఇందులో లేదు. అంచుకి విడిగా ఉక్కు పట్టీ తెచ్చి చుట్టూ అతకాలి. నరికేది ఆ పట్టీ. గీతలన్నీ నడుంలో ఉంటాయి, నడుం ఎవరినీ నరకదు.

థేమ్స్_గట్టు
ఓహ్. అంటే పదునుకీ గీతలకీ సంబంధమే లేదా? సటన్ హూ దాంట్లో కూడా అంచులు వేరేనా?

చరిత్ర_పిచ్చి
అవును. నడుంలో పక్కపక్కన నాలుగు కట్టలు. ప్రతి కట్టా కొంత దూరం మెలిక, కొంత దూరం తిన్నగా. వెనక వైపు మళ్లీ అలాంటివే నాలుగు, వీపులు కలిపి అతికారు. అంచు పట్టీలు విడిగా చుట్టూ వచ్చాయి. ఒక్క కత్తికి ఎన్ని అతుకులో లెక్కేసుకోండి.

వంటింటి_కత్తి
నాకూ ఇలాంటిదే ఒకటి ఉంది, అందుకే అడుగుతున్నా. ఆన్‌లైన్‌లో కూరగాయల కత్తి కొన్నాను. "67 పొరలు, రెండు రెట్లు బలం" అని పెట్టె మీద ఉంది. మొదట్లో ఒళ్లంతా అలలు అలలుగా భలే ఉండేది. చింతపండు, నిమ్మకాయ తగిలి కాస్త నల్లబడింది, తుప్పు చుక్కలు కూడా వచ్చాయి. పీచుతో తోమితే అలలు కూడా పోతున్నాయి. బలం తగ్గిపోతోందా ఏంటి?

పక్క_బెంచి
మేడం, 67 పొరలు పూతరేకుల్లో కూడా ఉండవు.

కొలిమి_సూరి
@వంటింటి_కత్తి గారూ, మీ కత్తి వీపు, అంటే పైన మందంగా ఉండే భాగం, వెలుతురులో చూడండి. అలలు ఒక చెంప మీద నుంచి వీపు మీదుగా రెండో చెంపకి దాటాయా, వీపు దగ్గర ఆగిపోయాయా? చూసి చెప్పండి.

వాదం_నాది
@కొలిమి_సూరి అంచు వేరు అన్నారు, ఒప్పుకున్నా. కానీ నడుం సంగతి? నడుం మెత్తగా ఉంటేనే కదా కత్తి దెబ్బ ఓర్చుకునేది, స్ప్రింగులా వంగి తిరిగి లేచేది.

ల్యాబ్_మామయ్య
30 ఏళ్లు లోహ పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. "స్ప్రింగులా" అన్న మాట దగ్గరే మీ లెక్క తప్పింది.
మెత్త ఇనుము, గట్టి ఉక్కు, రెండూ ఒకే మందంలో ఉంటే ఒకే బరువుకి ఒకే అంత వంగుతాయి. ఇనుము మెత్తనిది కాబట్టి తేలిగ్గా వంగుతుందని చాలామంది అనుకుంటారు. తేడా తర్వాత వస్తుంది. మెత్త ఇనుము కొంత దూరం పోయాక వంగినది వంగినట్టే ఉండిపోతుంది. కాల్చి నీళ్లలో ముంచి పదును పట్టించి, మళ్లీ కాస్త కాల్చి పెళుసు తగ్గించిన ఉక్కు ఇంకా చాలా దూరం వంగి తిరిగి లేస్తుంది. స్ప్రింగు గుణం ఉక్కుది, ఇనుముది కాదు. మెత్త నడుం కత్తి విరక్కపోవచ్చు, కానీ మీ వీరుడు యుద్ధం మధ్యలో దాన్ని కాలి కింద పెట్టి సరిచేసుకోవాలి.
కత్తి ఎంత వంగుతుందన్నది ముందు మందం, తర్వాత మధ్యలో తీసిన గాడి, కొనకు పోయేకొద్దీ సన్నబడిన తీరు నిర్ణయిస్తాయి. గీతలకు అందులో వాటా లేదు.

వాదం_నాది
మామయ్యా, విరగదు అన్నది మీరే ఒప్పుకున్నారు. నేనన్నదీ అదే!

ల్యాబ్_మామయ్య
విరగకపోవడానికి మెలిక ఎందుకు? మొత్తం మెత్త ఇనుమే పెట్టి అంచుకి ఉక్కు అతికినా విరగదు. మన పల్లెల్లో గొడ్డలి అలాగే చేసేవాళ్లు, ఒళ్లు ఇనుము, నోట్లో ఉక్కు. అతుకు ఒకటో రెండో. గొడ్డలికి లేని మెలిక కత్తికెందుకు పెట్టారన్నది కదా అసలు ప్రశ్న.

కొలిమి_సూరి
మామయ్య గారి మాటకి నా అనుభవం కలుపుతా. ప్రతి అతుకూ ఒక భయమే. మధ్యలో చిట్టెం ముక్కో, పొలుసో ఇరుక్కుందంటే పైకి కనపడదు. మొదటి సంవత్సరం పది కడ్డీలు చేస్తే నాలుగో అయిదో మెలి తిప్పేటప్పుడే పాయలుగా విచ్చుకున్నాయి. ఒకటైతే ఎండిన వెదురులా టప్‌మని పొడవునా చీలింది. మెలిక అతుకు పాలిట పరీక్ష. దాన్ని తట్టుకున్న కడ్డీలో అతుకు బాగుందని నాకు ధైర్యం. పాత కమ్మరులకి కూడా ఈ లాభం తెలిసే ఉంటుందని నా నమ్మకం. అయితే అది చెడ్డ కడ్డీని ఏరేయడం మాత్రమే, మంచి కడ్డీకి బలం కలపడం కాదు.

థేమ్స్_గట్టు
ఇంకో డౌట్. రెండు రకాల ఇనుము అంటున్నారు. ఉక్కు, మెత్త ఇనుమేనా? గీతలు నలుపు తెలుపుగా కనపడేది అందుకేనా?

కొలిమి_సూరి
నేనూ అలాగే అనుకుని బోర్లా పడ్డాను 😀 పాత ఆకురాయి ఉక్కు, మామూలు మెత్త ఇనుము కలిపి కట్ట కట్టాను. రెండుసార్లు మడిచి అతికి, మెలేసి, సాన పట్టి, లోహాన్ని తినే ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే మసక గీతలు, కళ్లు చికిలించి చూడాలి. తర్వాత మెత్త ఇనుము బదులు కోత మిల్లు బ్యాండ్ రంపం పట్టీ వాడాను, అందులో నికెల్ ఉంటుంది. ఈసారి వెండి తీగలు పొదిగినట్టు మెరిసిపోయింది. కారణం మామయ్య గారు చెప్పాలి.

ల్యాబ్_మామయ్య
కార్బన్ ఒక చోట కూర్చోదు. అతుకు వేడి, అంటే 1200 డిగ్రీల దగ్గర, పది నిమిషాల్లో మిల్లీమీటరులో మూడో వంతుకు పైనే ప్రయాణం చేస్తుంది. సూరి రెండుసార్లు మడిచాక పొర మందం దాదాపు అంతే ఉంటుంది. ప్రతి అతుక్కీ మళ్లీ కొలిమిలో పెడుతున్నాడు. ఉక్కు పొరలోని కార్బన్ పక్క ఇనుములోకి దిగి, చివరికి అన్ని పొరల్లో ఇంచుమించు ఒకే పాళ్లలో ఉంటుంది. "గట్టి పొర, మెత్త పొర" అని మనం చెప్పుకునే కథ కొలిమిలోనే కరిగిపోతుంది. మిగిలిన మసక గీత మాంగనీస్ లాంటివాటి తేడా. నికెల్ అలా కదలదు, అందుకే రంపం పట్టీ గీత నిలిచింది.

వాదం_నాది
అప్పట్లో వాళ్లకి నికెల్ ఉక్కు ఎక్కడిది? మరి ఆ కత్తుల మీద గీతలెలా నిలిచాయి?

ల్యాబ్_మామయ్య
మంచి ప్రశ్న అడిగావు. జవాబు భాస్వరం. ఉత్తర యూరప్‌లో బురద నేలల్లో దొరికే ఖనిజంలో భాస్వరం ఎక్కువ. దాంతో తీసిన ఇనుములో వెయ్యికి కొన్ని పాళ్లు భాస్వరం ఉండిపోతుంది. అది కూడా నికెల్ లాగే మెల్లగా కదిలేది. పైగా భాస్వరం ఉన్న ఇనుము ఆమ్లంలో తక్కువ తినబడి తెల్లగా ఉంటుంది, పక్కది నల్లబడుతుంది. పాత కత్తుల ముక్కలు కోసి చూసిన చోట చాలాసార్లు కనిపించే జోడీ ఇదే.
భాస్వరం ఇనుముకి ఒక జబ్బు ఉంది. చలిలో, ఒక్కసారిగా దెబ్బ పడితే పుటుక్కున విరుగుతుంది. బలం కోసమే చేస్తే తెలిసి తెలిసి దాన్ని కత్తి నడుంలో ఎవరూ పెట్టరు. మెరుపు కోసమైతే అదే సరైన సరుకు.

వాదం_నాది
ఆగండి ఆగండి. భాస్వరం ఇనుము మామూలు ఇనుము కంటే గట్టిది కూడా కదా? దాన్ని మెత్త ఇనుముతో పొరలు పొరలుగా పెడితే గట్టితనం వస్తుంది, పగులు వచ్చినా పక్క మెత్త పొరలో ఆగిపోతుంది. ఇది బలం కాదా?

ల్యాబ్_మామయ్య
గట్టిది నిజమే, సుమారు రెట్టింపు గట్టిదనం చూశాను. పొరలో పగులు ఆగడం కూడా అసాధ్యమేమీ కాదు. కానీ అదే పగులు చిట్టెం ఉన్న అతుకు వెంట పరిగెత్తడం కూడా చూశాను. ఏది ఎక్కువ జరుగుతుందో ప్రతి కత్తికీ వేరు. ఇక్కడ నీకు సగం మార్కులు.

వాదం_నాది
సగం అంటే పాస్.

పక్క_బెంచి
35 వస్తే చాలు మామయ్యా, ఇంటర్ నుంచి మా వాడి పాలసీ అదే.

చరిత్ర_పిచ్చి
గీతలు ఎందుకు చేసేవాళ్లన్నదానికి నా దగ్గర రెండు సాక్ష్యాలున్నాయి.
ఒకటి, 6వ శతాబ్దం మొదట్లో ఇటలీ ఏలిన థియొడొరిక్ రాజు తరఫున కాసియోడోరస్ రాసిన ఒక ఉత్తరం. ఉత్తరాది రాజు ఒకరు కానుకగా కత్తులు పంపితే కృతజ్ఞతగా రాసింది. నడుం గాడిలో చిన్న చిన్న పురుగులు మెలికలు తిరుగుతున్నట్టుందని, ఎన్ని ఛాయలో అని మురిసిపోతాడు. పదును గురించీ పొగిడాడు, కానీ అంత వర్ణన ఆ మెలికలకే. రాజుల మధ్య కానుకగా తిరిగే వస్తువు అది, పట్టుచీర జరీలాగా.
రెండోది ఇంకా గట్టిది. వైకింగుల కాలానికి వచ్చేసరికి కొన్ని కత్తుల్లో మెలిక కడ్డీలు నడుం మొత్తం లేవు. మధ్యలో మామూలు ఇనుమో ఉక్కో, పైన రెండు వైపులా పల్చటి మెలిక పొర అతికారు. తర్వాత ఉల్ఫ్‌బర్ట్ అనే పేరున్న కత్తులు వచ్చాయి. వాటి మీద పేరు అక్షరాలని మెలిక కడ్డీ ముక్కలతో రాసి లోహంలోకి దింపేవాళ్లు. అక్షరాల్లో వాడే మెలిక బలానికెలా అవుతుంది చెప్పండి? మంచి ఉక్కు పెద్ద ముద్దలుగా దొరకడం మొదలయ్యాక, 10వ శతాబ్దానికల్లా మెలిక నడుం కత్తులు దాదాపు మాయమయ్యాయి.

నిర్మల్_బిడ్డ
మొదట్లో కూడా అందానికే అంటారా? మరీ అంత తీరిక ఉందా వాళ్లకి?

కొలిమి_సూరి
ఇది న్యాయమైన ప్రశ్న. మొదట్లో అవసరమే అని నాకనిపిస్తుంది. అప్పటి చిన్న బట్టీల్లో ఇనుము కరిగేది కాదు, స్పాంజిలా చిట్టెంతో కలిసి ముద్దగా వచ్చేది. ఒక్కో ముద్ద ఒక్కో గుణం, ఒకే ముద్దలో ఒక పక్క ఉక్కు, ఒక పక్క మెత్తన. మూడడుగుల కత్తికి సరిపడా ఒకే రకం ఇనుము దొరకడం కష్టం. కాబట్టి ముక్కలు పేర్చి అతకడం తప్పదు, కొట్టే కొద్దీ చిట్టెం కూడా బయటికి పోతుంది. అలా అతికిన దాంట్లో ఎలాగూ గీతలు వస్తాయి. చూసినవాళ్లకి నచ్చి ఉంటుంది, కమ్మరి ఇంకాస్త మెలిపెట్టి ఉంటాడు. అవసరం ఎక్కడ ఆగి సోకు ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పడం నా వల్ల కాదు.

థేమ్స్_గట్టు
అంటే కొనేవాడికి గీతలు ఏం చెప్పేవి? ఏమీ చెప్పేవి కావా?

కొలిమి_సూరి
చెప్పేవి, కమ్మరి గురించి. మెలికలు సమంగా ఉన్నాయంటే వేడి పొడవునా ఒకేలా ఇచ్చాడు. రెండు కడ్డీల మధ్య నల్ల గీటు లేదంటే అతుకు శుభ్రం. చేప ముల్లు మధ్య వరస తిన్నగా ఉంటే సుత్తి అదుపులో ఉంది. ఇంకోటి, మెలిక కడ్డీని పైపైన సాన పడితే ఏటవాలు చారలు, సగం దాకా అరగదీస్తే అవే చారలు గుండ్రటి సుడులవుతాయి. సుడులు కనపడితే ఎంత లోహం సానకి బలిచ్చాడో తెలుస్తుంది. కొనేవాడు ఇవి చూసి "ఈ చెయ్యి మంచిది" అనుకునేవాడు. కానీ అంచుకి నీళ్ల పదును సరిగ్గా పట్టిందో లేదో గీతలు చెప్పవు. మా తాత కొడవలి అంచు మీద ఆకురాయి ఒక్కసారి లాగి, జారితే పదును పట్టింది, కొరికితే పట్టలేదు అనేవాడు. అదొక్కటే పరీక్ష.

వాదం_నాది
నేను పూర్తిగా ఒప్పుకోలేదు. భాస్వరం ఇనుము దొరికితే రెండు కడ్డీలు, ఒకటి మెలికది, ఒకటి తిన్నటి పొరలది, వంచి విరిచి చూడాలి. సూరి అన్నా, చేస్తావా?

కొలిమి_సూరి
కమాన్ పట్టీ, రంపం పట్టీతో చేసి చూశాను తమ్ముడూ, తిన్నటిది, మెలికది. ఒకే రకంగా పదును పట్టిస్తే నాకు చేతిలో తేడా తెలియలేదు. మెలికది రెండింట్లో ఒకటి అతుకు దగ్గర పోయింది. భాస్వరం ఇనుముతో చేయలేదు. పాత బంగళాల కిటికీ చువ్వల్లో అలాంటి ఇనుము ఉండొచ్చు, ఎక్కడైనా దొరికితే పంపు, అప్పుడు చూద్దాం.

వంటింటి_కత్తి
సూరి గారూ, చూశాను. అలలు వీపు దగ్గర టక్కున ఆగిపోయాయి. వీపు అంతా ఒకటే నునుపు.

కొలిమి_సూరి
అలలు పైన ముద్రించినవేమో అన్న నా అనుమానం సగం నిజమైంది. మీది తుప్పు పట్టే ఉక్కే కాబట్టి ఇంకోటి చేయండి. పిడి దగ్గర రూపాయి బిళ్లంత చోట సన్న ఎమెరీ కాగితంతో అలలు పూర్తిగా పోయేదాకా రుద్దండి. సబ్బుతో కడిగి, చిక్కటి ఇన్‌స్టంట్ కాఫీ డికాక్షన్‌లో రాత్రంతా ఆ భాగం మునిగేలా ఉంచండి. నిజం పొరలైతే గీతలు మళ్లీ వస్తాయి, లోహం లోపలే ఉంటాయి కాబట్టి. పైన ముద్రించినవైతే రావు.

పక్క_బెంచి
కత్తికి కాఫీ, మాకు చర్చ. ఇంట్లో ఎవరికీ పని లేనట్టుంది.

వంటింటి_కత్తి
పొద్దున తీశాను. రుద్దిన చోట అంతా ఒకటే బూడిద రంగు, ఒక్క గీత కూడా లేదు. మా అత్తయ్య గ్లాసులో కత్తి చూసి "కాఫీ ఎవరు తాగుతారే ఇది" అంది. 67 పొరలకి ఇచ్చిన డబ్బు గుర్తొచ్చి కడుపు మండింది. అయితే ఒకటి, ఉల్లిపాయలు మాత్రం మొన్న ఎలా తెగాయో ఇవాళ కూడా అలాగే తెగాయి.

ల్యాబ్_మామయ్య
తెగుతాయమ్మా, అంచు మీద బొమ్మ వేయలేదు కదా వాళ్లు.